స్పిరిట్, బెటాడిన్, హైపో, గ్లుటరాల్డిహైడ్: ఏది ఎక్కడ, ఎంత, ఎంతసేపు

హైదరాబాద్‌లో ఏ ఇరవై పడకల నర్సింగ్‌హోమ్‌కి వెళ్లినా డ్రెస్సింగ్ రూమ్ అర మీద దాదాపు ఇవే సీసాలు కనిపిస్తాయి. స్పిరిట్, బెటాడిన్, క్లోర్‌హెక్సిడిన్, నేల తుడవడానికి హైపో క్యాన్, ఓటీలో మూత వేసిన ట్రేలో గ్లుటరాల్డిహైడ్, బాత్‌రూమ్‌ దగ్గర ఫినాయిల్. అన్నీ క్రిములను చంపేవే. కానీ ఒక్కొక్కటి ఒక్కో రసాయన గుంపుకి చెందింది, ఒక్కోటి ఒక్కో తీరులో చంపుతుంది, ఒక్కోటి ఒక్కో చోట చేతులెత్తేస్తుంది. ఆ తీరు తెలిస్తే ఏ సీసా ఎక్కడ వాడాలో బట్టీ పట్టే పని ఉండదు. కోఠిలోనో ఇందర్‌బాగ్‌లోనో సర్జికల్ షాపువాళ్లు కొత్త బ్రాండ్ చూపించినా, వెనక్కి తిప్పి లోపల ఏముందో చదివితే సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది.

ముందుగా చూడాల్సింది: అది దేన్ని తాకుతుంది

సీసా తీసే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. ఈ మందు బతికి ఉన్న చర్మం మీద పడుతుందా, లేక వస్తువు మీద పడుతుందా? చర్మం మీద, పుండు చుట్టూ వాడేది యాంటిసెప్టిక్. నేల, బల్ల, పనిముట్ల మీద వాడేది డిసిన్ఫెక్టెంట్. స్పిరిట్ లాంటి కొన్ని రెండు చోట్లా పనికొస్తాయి. గ్లుటరాల్డిహైడ్ మాత్రం ఒంటి మీద ఎప్పుడూ పడకూడదు.

వస్తువు అయితే ఇంకో ప్రశ్న ఉంది. దాన్ని మూడు తరగతులుగా విడగొట్టే పద్ధతిని ఎర్ల్ స్పాల్డింగ్ ఇచ్చారు, ఇప్పటికీ అన్ని ఆసుపత్రులూ దాన్నే పాటిస్తున్నాయి. చర్మం కోసుకుని లోపలికి, రక్తంలోకి వెళ్లేది పూర్తిగా స్టెరైల్ కావాలి. నోరు, పేగు లాంటి తడి పొరలను తాకేదానికి, ఎండోస్కోప్ లాంటిదానికి, హై లెవల్ డిసిన్ఫెక్షన్ కావాలి. ఆరోగ్యంగా ఉన్న చర్మాన్ని మాత్రమే తాకే బీపీ పట్టీ, మంచం కడ్డీ లాంటివాటికి మామూలు డిసిన్ఫెక్టెంట్ చాలు.

ఇంత తేడా ఎందుకంటే క్రిములన్నీ ఒకేలా చావవు. కొవ్వు పొర చుట్టుకున్న వైరస్‌లు అన్నిటికన్నా సులువుగా పోతాయి. హెచ్ఐవీ, హెపటైటిస్ బి, కరోనా ఈ జాబితాలోవే. వాటి తర్వాత మామూలు బ్యాక్టీరియా, ఫంగస్ వస్తాయి. ఆ పొర లేని వైరస్‌లు ఇంకా మొండివి. టీబీ జాతి క్రిములకు మైనం లాంటి గోడ ఉంటుంది కాబట్టి నీళ్లలో కలిపిన మందు అంత త్వరగా లోపలికి దిగదు. అన్నిటికన్నా గట్టివి స్పోర్లు, అంటే ధనుర్వాతం క్రిమి లాంటివి పెంకు కట్టుకుని నిద్రాణంగా పడి ఉండే రూపం. ఏ మందు ఈ మెట్లలో ఎంతవరకు ఎక్కగలదన్నదే దాని అసలు విలువ.

చర్మం మీద: స్పిరిట్, క్లోర్‌హెక్సిడిన్, అయోడిన్

స్పిరిట్ ఆల్కహాల్ గుంపు. ఇథైల్ అయినా ఐసోప్రొపైల్ అయినా పని ఒకటే. క్రిమి లోపలి ప్రోటీన్లను గడ్డ కట్టిస్తుంది, పొరలోని కొవ్వును కరిగిస్తుంది. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. 70 శాతం స్పిరిట్ కన్నా 99 శాతం స్పిరిట్ గట్టిగా పనిచేస్తుందనుకుంటారు. నిజానికి ప్రోటీన్ గడ్డ కట్టాలంటే నీళ్లు కావాలి. నీళ్లు లేని ఆల్కహాల్ క్రిమిని పైపైన ఎండగొట్టి ఊరుకుంటుంది. అందుకే 60 నుంచి 90 శాతం మధ్యే దాని బలం, వాడుకలో 70 శాతం.

99 శాతం ఐసోప్రొపైల్ క్యాన్ నుంచి ఒక లీటరు 70 శాతం స్పిరిట్ కావాలంటే 707 మిల్లీలీటర్లు కొలిచి, గీతలున్న జార్‌లో పోసి, డిస్టిల్డ్ వాటర్‌తో లీటరు గీత వరకు నింపాలి. రెక్టిఫైడ్ స్పిరిట్ 95 శాతం అయితే 737 మిల్లీలీటర్లు. నీళ్లను విడిగా 293 మిల్లీలీటర్లు కొలిచి పోయకండి. ఆల్కహాల్, నీళ్లు కలిసినప్పుడు మొత్తం కొంచెం కుంచించుకుపోతుంది, జార్ కూడా వెచ్చబడుతుంది. చల్లారాక గీత వరకు మళ్లీ నింపితేనే లెక్క సరిపోతుంది.

డ్రెస్సింగ్ ట్రేలో ఉండే స్టీలు డబ్బాను ఒకసారి దగ్గరగా చూడండి. పొద్దున దూది ఉండలు వేసి స్పిరిట్ పోస్తారు. మూత తీస్తూ పెడుతూ రోజంతా అందులోంచే వాడతారు. మధ్యాహ్నానికి పై దూది పొడిగా తేలికవుతుంది, అడుగున కాస్త తడి మిగులుతుంది. ఆవిరైపోయేది ఎక్కువగా ఆల్కహాలే, మిగిలేది ఎక్కువగా నీళ్లు. పైగా స్పోర్లను ఆల్కహాల్ చంపదు కాబట్టి వేళ్ల ద్వారా పడినవి అందులో అలాగే ఉంటాయి. సాయంత్రం మళ్లీ స్పిరిట్ పోసి డబ్బాను నింపితే పాత దూది పాతదిగానే ఉంటుంది. ఇలా తడిపి నిలవ ఉంచిన దూదిని సూది వేసేచోట వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. విడి ప్యాకెట్ స్వాబ్ వాడండి. లేదంటే పొడి దూదిని అప్పటికప్పుడు తడపండి.

క్లోర్‌హెక్సిడిన్ బైగ్వనైడ్ గుంపు. దాని అణువుకు ధన విద్యుదావేశం ఉంటుంది, క్రిమి పై పొరకు ఋణ విద్యుదావేశం ఉంటుంది. అది వెళ్లి అతుక్కుంటుంది, పొర చిల్లులు పడి లోపలి సరుకు కారిపోతుంది. గాఢత పెంచితే లోపలిదంతా గడ్డ కడుతుంది. ఇది చర్మానికి పట్టుకుని గంటలకొద్దీ ఉంటుంది. స్పిరిట్‌కి లేని గుణం ఇదే. అందుకే 70 శాతం ఆల్కహాల్‌లో 2 శాతం క్లోర్‌హెక్సిడిన్ కలిపిన ద్రావణం ఐవీ క్యాన్యులాకి, సెంట్రల్ లైన్‌కి, ఆపరేషన్ కోతకి ముందు మంచి ఎంపిక. ఆల్కహాల్ వెంటనే చంపుతుంది, క్లోర్‌హెక్సిడిన్ తర్వాత కాపు కాస్తుంది.

అయితే ఆ ధన విద్యుదావేశమే దాని బలహీనత కూడా. సబ్బుకు ఋణ విద్యుదావేశం ఉంటుంది. చర్మం మీద సబ్బు మిగిలి ఉంటే క్లోర్‌హెక్సిడిన్ దానికే అతుక్కుని అయిపోతుంది. సబ్బుతో కడిగితే నీళ్లతో పూర్తిగా జాలించి, తుడిచి, అప్పుడు పూయండి. అది అంటిన దుప్పటిని హైపోలో వేస్తే ఉతికినా పోని గోధుమ రంగు మరక మిగులుతుంది. చెవి లోపలికి, కంట్లోకి, మెదడు పొరల దగ్గరికి దీన్ని పోనివ్వకూడదు. కర్ణభేరికి చిల్లు ఉన్న చెవిలో పడితే వినికిడే పోవచ్చు.

పూసే తీరు ఇదీ: పొడిగా ఉండే చేయి లాంటి చోట ముందుకూ వెనక్కూ 30 సెకన్లు రుద్ది, తనంతట తాను ఆరనివ్వాలి. గజ్జల్లాంటి తడి చోట రెండు నిమిషాలు రుద్దాలి. గాజుగుడ్డతో తుడిచి ఆరబెట్టకూడదు, ఊదకూడదు. ఓటీలో కాటరీ వాడేటప్పుడు ఈ ఆరడం ఇంకా ముఖ్యం. ఆల్కహాల్ ఒంటి కిందకు కారి దుప్పటి మీద మడుగు కడితే కాటరీ రవ్వకు మంట అంటుకుంటుంది, ఆ మంట కంటికి సరిగా కనిపించదు కూడా. వెంట్రుకలు లేని చర్మం మీద కనీసం 3 నిమిషాలు ఆగి డ్రేప్ వేయండి. వెంట్రుకలున్న చోట ఆరడానికి గంట కూడా పట్టొచ్చు, అక్కడ ఆల్కహాల్ లేనిదే మేలు.

బెటాడిన్ అని అందరం పిలిచేది పోవిడోన్ అయోడిన్. ఇది హాలోజన్ గుంపు. అయోడిన్ క్రిమి లోపలికి దూరి ప్రోటీన్లలోని గంధకం ఉన్న భాగాలను ఆక్సీకరిస్తుంది, కొవ్వు పొరనూ పాడుచేస్తుంది. 10 శాతం సీసాలో పనికొచ్చే అయోడిన్ 1 శాతమే. మిగతాదంతా దాన్ని పట్టి ఉంచి కొంచెం కొంచెంగా వదిలే పోవిడోన్. కొంచెం కొంచెంగా వదులుతుంది కాబట్టి దానికి సమయం ఇవ్వాలి. కనీసం రెండు నిమిషాలు, పూర్తిగా ఆరితే ఇంకా మంచిది. చాలాచోట్ల బెటాడిన్ పూసిన మరుక్షణం స్పిరిట్‌తో తుడిచేస్తారు, మరక కనిపించకుండా. అంటే పని మొదలవ్వకముందే మందును తీసేస్తున్నట్టు. మరక తుడవాలనుంటే సూది పని అయ్యాక తుడవండి.

ముదురు గోధుమ రంగు పాలిపోయిందంటే అక్కడి అయోడిన్ చీమూ రక్తంతో కలిసి ఖర్చైపోయింది. అందుకే చీము కారే పుండును ముందు సెలైన్‌తో కడగాలి, తర్వాతే చుట్టూ బెటాడిన్. కంటి ఆపరేషన్‌కు ముందు కంట్లో వేసేది 5 శాతం ద్రావణం, డిటర్జెంట్ కలిసిన 7.5 శాతం స్క్రబ్ కంట్లో పడకూడదు. అప్పుడే పుట్టిన బిడ్డకు ఒళ్లంతా పూయడం, పెద్ద కాలిన గాయానికి రోజూ పట్టించడం వద్దు. అయోడిన్ చర్మం గుండా లోపలికి ఎక్కి థైరాయిడ్‌ను దెబ్బతీస్తుంది.

నేల మీద రక్తం పడితే: హైపో లెక్క

హైపో అంటే సోడియం హైపోక్లోరైట్. ఇదీ హాలోజనే, క్లోరిన్ వైపుది. నీళ్లలో అది రెండు రూపాల్లో ఉంటుంది. హైపోక్లోరస్ ఆమ్లం అనే రూపానికి విద్యుదావేశం ఉండదు, క్రిమి గోడ దాటి సులువుగా లోపలికి పోతుంది, ఎంజైములనూ ప్రోటీన్లనూ ఆక్సీకరించి చంపుతుంది. రెండోది హైపోక్లోరైట్ అయాన్, చాలా బలహీనం. క్యాన్‌లో నిలవ ఉండటానికి కాస్టిక్ కలుపుతారు కాబట్టి అక్కడ రెండోదే ఎక్కువ. నీళ్లు కలపగానే క్షారం పలచబడి మొదటి రూపం పెరుగుతుంది. ఇదే ఆలోచనతో ఆమ్లం కలిపితే మాత్రం క్లోరిన్ వాయువు లేస్తుంది. బాత్‌రూమ్ యాసిడ్, హైపో ఒకే బకెట్‌లో, ఒకే టాయిలెట్‌లో ఒకదాని వెంట ఒకటి పోయకూడదని ఆయమ్మలకు విడమరిచి చెప్పాల్సింది ఇందుకే.

ఇప్పుడు ఒక సందర్భం తీసుకుందాం. మే నెల, లేబర్ రూమ్ నేల మీద అరగ్లాసు రక్తం పడింది. స్టోర్‌లో 5 శాతం అని రాసిన హైపో క్యాన్ ఉంది. రక్తానికి కావలసింది 1 శాతం, అంటే 10,000 పీపీఎం. లెక్క సులువు: క్యాన్ బలాన్ని కావలసిన బలంతో భాగించి, ఒకటి తీసేయండి. 5 భాగించు 1 అంటే 5, ఒకటి తీస్తే 4. ఒక మగ్గు హైపోకి నాలుగు మగ్గుల నీళ్లు. మామూలు నేల, బల్ల తుడవడానికి 0.1 శాతం చాలు, అంటే అదే క్యాన్ నుంచి ఒక మగ్గుకి 49 మగ్గుల నీళ్లు.

చిక్కంతా క్యాన్ మీద రాసిన 5 నిజంగా 5 ఉందా అన్నదాంట్లో ఉంది. హైపో వేడికి, వెలుతురికి, ఇనుము రాగి తగిలినా విరిగిపోతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే అది పాడయ్యే వేగం సుమారు మూడింతలవుతుంది. మన దగ్గర ఎండాకాలం నలభై దాటుతుంది, క్యాన్లేమో టెర్రస్ మీది రేకుల షెడ్డులో పెడతారు. ఆ క్యాన్ 3 శాతానికి దిగిపోయిందనుకోండి. ఒకటికి నాలుగు కలిపితే వచ్చేది 0.6 శాతమే. వాసన మాత్రం ఘాటుగానే ఉంటుంది. క్లోరిన్ చాలా కొద్దిగా ఉన్నా ముక్కు పట్టేస్తుంది కాబట్టి వాసన బలానికి కొలత కాదు. క్యాన్ ఉబ్బి, మూత తిప్పగానే బుస్సుమన్నదంటే లోపల విరిగి వాయువు వదిలిందని అర్థం.

అందుకే కొలవండి. క్లోరిన్ టెస్ట్ పట్టీలు చాలావరకు వంద, రెండు వందల పీపీఎం దాకానే చూపిస్తాయి. 1 శాతం ద్రావణంలో నేరుగా ముంచితే రంగు వచ్చినట్టే వచ్చి కాలిపోయి తెల్లబడుతుంది, చూసినవాళ్లు ‘క్లోరినే లేదు’ అనుకుంటారు. సిరంజితో కచ్చితంగా 1 మిల్లీలీటర్ తీసి 99 మిల్లీలీటర్ల ఆర్ఓ నీళ్లలో కలిపి, అందులో పట్టీ ముంచండి. 100 దగ్గర రంగు వస్తే అసలు ద్రావణం 10,000 పీపీఎం ఉన్నట్టు. 60 వస్తే అది 0.6 శాతమే. అప్పుడు క్యాన్‌ను 3 శాతంగా లెక్కేసి ఒకటికి రెండు మగ్గుల నీళ్లు కలపండి. క్యాన్లను నేల అంతస్తులో చీకటి గదిలో, ప్లాస్టిక్ డబ్బాల్లోనే ఉంచండి. చిన్న క్యాన్లు కొనండి. కలిపిన బకెట్ ఆ రోజుకే.

బ్లీచింగ్ పౌడర్‌తోనూ ఇదే చేయొచ్చు. కొత్త పొడిలో క్లోరిన్ 30 శాతం అనుకుంటే లీటరుకు 33 గ్రాములు వేస్తే 1 శాతం వస్తుంది. బాగా కలిపి, అరగంట ఆగి, పైన తేరిన తేట మాత్రమే వంచుకోండి. వానాకాలంలో తెరిచిన సంచిలో పొడి గడ్డలు కట్టిందంటే తేమ పీల్చి బలం పోగొట్టుకుంది, దాంతో లెక్కలు వేయకండి.

ఇక రక్తం దగ్గరికి వద్దాం. మందపాటి గ్లవ్స్, చెప్పులకు బదులు మూసిన బూట్లు, మాస్క్ వేసుకోండి. గాజు ముక్కలుంటే చేత్తో కాదు, చిమటాతో ఏరి నీలం రంగు గుర్తున్న గట్టి డబ్బాలో వేయండి. రక్తం మీద పాత న్యూస్‌పేపరో గాజుగుడ్డో పరచండి. 1 శాతం హైపోను అంచుల నుంచి మధ్యకు మెల్లగా పోయండి. మధ్యలో ఒకేసారి గుమ్మరిస్తే రక్తం చిందుతుంది. పది నిమిషాలు ఆగండి. తడిసిన కాగితాలు తీసి పసుపు సంచిలో వేయండి.

ఇక్కడితో అయిపోలేదు. రక్తంలోని ప్రోటీన్ క్లోరిన్‌ను తినేస్తుంది. మొదటిసారి పోసిన హైపోలో చాలా భాగం రక్తంతో పోరాడటానికే ఖర్చైపోయి ఉంటుంది. కాబట్టి ఎత్తేసిన చోట తాజా హైపో రెండోసారి పోసి, మళ్లీ పది నిమిషాలు తడిగా ఉంచాలి. అప్పుడే అది ఖాళీగా క్రిముల మీద పనిచేస్తుంది. తర్వాత నీళ్లతో తుడవండి, లేకపోతే ట్రాలీ చక్రాలు, స్టీలు కాళ్లు తుప్పు పడతాయి. గ్లవ్స్ ఎర్ర సంచిలోకి. ఒలికింది మూత్రమైతే ముందు పొడి గుడ్డలతో ఎత్తేసి తర్వాతే హైపో పోయండి, మూత్రం మీద నేరుగా పోస్తే ఘాటైన వాయువులు వస్తాయి.

పనిముట్లు: గ్లుటరాల్డిహైడ్‌ను ఎక్కడ నమ్మొచ్చు

ఓటీలో చాలామంది సైడెక్స్ అనే పిలిచే 2 శాతం గ్లుటరాల్డిహైడ్ ఆల్డిహైడ్ గుంపు. క్రిమి ప్రోటీన్లలోని అమైనో, గంధక భాగాలను పట్టుకుని ఒకదానికొకటి కుట్టేస్తుంది. కుట్టేసిన ప్రోటీన్ ఇక కదలదు, పనిచేయదు. సమయం ఇస్తే స్పోర్లను కూడా చంపగలదు. సీసాతో వచ్చే పొడినో చిన్న సీసానో కలిపి క్షారంగా మార్చాకే అది చురుకవుతుంది. కలిపిన రోజు నుంచి మామూలుగా 14 రోజులు వాడతారు. 28 రోజుల రకాలూ ఉన్నాయి కాబట్టి లేబుల్ చూడండి.

కుట్టేయడమే దాని పని అయినప్పుడు మురికిని కూడా కుట్టేస్తుంది. రక్తం, కండ ముక్క అంటుకున్న పనిముట్టును అందులో వేస్తే అవి అక్కడే గట్టిపడి లోహానికి అతుక్కుంటాయి, లోపలున్న క్రిములకు కవచంలా నిలుస్తాయి. ఈ ఒక్క విషయం మరిచిపోవడం వల్ల జరిగే నష్టం మన దేశంలో ల్యాపరోస్కోపీ చేసే సర్జన్లందరికీ తెలిసిందే. పిత్తాశయం ఆపరేషన్ బాగా జరుగుతుంది, కుట్లు మానతాయి, పేషెంట్ ఇంటికి వెళ్తారు. మూడు నాలుగు వారాల తర్వాత పోర్ట్ పెట్టిన చోట, ఎక్కువగా బొడ్డు దగ్గర, గట్టి గడ్డ లేస్తుంది. అది పగిలి పలచటి నీరు కారుతుంది. మామూలు యాంటీబయాటిక్స్‌కి తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది. చీము కల్చర్‌కి పంపితే ‘ఏమీ పెరగలేదు’ అని రెండో రోజే రిపోర్ట్ వస్తుంది.

ఇది చాలాసార్లు మైకోబ్యాక్టీరియం కెలోనే, ఫార్చ్యుయిటమ్ లాంటి టీబీ చుట్టాల పని. ఇవి కుళాయి నీళ్లలో బతుకుతాయి. వీటిలో కొన్ని రకాలు గ్లుటరాల్డిహైడ్‌ను తట్టుకుంటాయని కూడా తేలింది. పెరగడానికి మూడు నుంచి ఏడు రోజులు తీసుకుంటాయి కాబట్టి 48 గంటలకు ప్లేటు పారేస్తే కనిపించవు. అనుమానం ఉంటే ల్యాబ్‌కి చీటీ మీద ఏఎఫ్‌బీ స్మియర్, మైకోబ్యాక్టీరియా కల్చర్ అని విడిగా రాయాలి. నెలలో రెండో కేసు వచ్చిందంటే పేషెంట్లలో కాదు, పనిముట్ల ట్రేలో వెతకండి.

వెతికితే కనిపించేవి సాధారణంగా ఇవే. కేసుకీ కేసుకీ మధ్య ఇరవై నిమిషాలు ముంచడం. చేతిపిడి, లోపలి కడ్డీ, తొడుగు విడదీయకుండా ముంచడం. తీశాక కుళాయి నీళ్లతోనో, మరిగించి చల్లార్చి మూత లేకుండా ఉంచిన నీళ్లతోనో కడగడం. ఇరవై నిమిషాలు హై లెవల్ డిసిన్ఫెక్షన్‌కి సంబంధించిన సమయం, అదీ శుభ్రంగా ఉన్న పనిముట్టుకి. కొన్ని లేబుళ్లు 25 డిగ్రీల దగ్గర 45 నిమిషాలు అడుగుతాయి. కడుపులోకి వెళ్లే పనిముట్టు స్పాల్డింగ్ లెక్కలో మొదటి తరగతి, దానికి స్టెరిలైజేషన్ కావాలి. గ్లుటరాల్డిహైడ్‌తో అది రావాలంటే పది గంటలు ముంచాలి.

కాబట్టి క్రమం ఇలా పెట్టుకోండి. ఆపరేషన్ అవ్వగానే, రక్తం ఎండకముందే, పనిముట్లను పూర్తిగా విప్పండి. లేబుల్ చెప్పినంత ఎంజైమ్ ద్రావణాన్ని గోరువెచ్చని నీళ్లలో కలిపి నానబెట్టండి. వేడి నీళ్లు వద్దు, రక్తం ఉడికి అంటుకుంటుంది. గొట్టాల లోపల బ్రష్ ఒక చివర నుంచి మరో చివరకు బయటికి వచ్చేదాకా తోయండి, బ్రష్ తెల్లగా వచ్చేదాకా. కడిగి, ఆరబెట్టండి. తడి పనిముట్లు రోజుకు పదిసార్లు వేస్తే ఆ నీటి చుక్కలతోనే ద్రావణం పలచబడిపోతుంది.

ఆటోక్లేవ్ తట్టుకునేవన్నీ ఆటోక్లేవ్‌కే పంపండి. ట్రోకార్లు, గ్రాస్పర్లు, కత్తెరల్లో చాలా రకాలు తట్టుకుంటాయి. తట్టుకోని కెమెరా, స్కోప్‌కి ఈటీఓ గ్యాస్ స్టెరిలైజేషన్ గానీ ప్లాస్మా స్టెరిలైజేషన్ గానీ దొరుకుతుందేమో చూడండి. రోజుకు నాలుగు కేసులు, ఒకే సెట్ ఉండటమే సమస్య అయితే రెండో సెట్ కొనడమే దానికి మందు. సమయం తగ్గించడం కాదు.

గ్లుటరాల్డిహైడ్ తప్పనప్పుడు పనిముట్టు మొత్తం మునగాలి, గొట్టంలోకి సిరంజితో ద్రావణం ఎక్కించి గాలి బుడగలు పోగొట్టాలి. గాలి ఉన్నచోట మందు తగలదు. ప్రతిరోజూ మొదటి కేసుకు ముందు స్ట్రిప్‌తో బలం చూడండి. లేబుల్ చెప్పిన కనీస గాఢత కన్నా, చాలా రకాలకు అది 1.5 శాతం, తక్కువ చూపితే అయిదో రోజైనా పారబోయాలి. పద్నాలుగు రోజులన్నది గరిష్ఠ గడువు మాత్రమే. తీశాక స్టెరైల్ నీళ్లతో, ప్రతిసారీ కొత్త నీళ్లతో, మూడుసార్లు కడగండి. మందు మిగిలి ఉంటే కొలనోస్కోపీ అయిన పేషెంట్‌కి పేగు వాచి రక్త విరేచనాలు అవుతాయి. ట్రేకి ఎప్పుడూ మూత ఉండాలి, గదిలో గాలి బయటికి లాగే ఫ్యాన్ ఉండాలి. అక్కడ పనిచేసే టెక్నీషియన్‌కి కళ్ల మంట, దగ్గు, ఆయాసం మొదలైతే అది జలుబని సరిపెట్టుకోవద్దు.

ఇదే గుంపులోని ఆర్థోథాలాల్డిహైడ్, అంటే ఓపీఏ, 0.55 శాతంగా వస్తుంది. ఏమీ కలపక్కర్లేదు, 12 నిమిషాలు చాలు, టీబీ జాతి మీద మేలు. స్పోర్ల మీద నమ్మలేం కాబట్టి కడుపులోకి వెళ్లే పనిముట్టుకు చాలదు, గ్యాస్ట్రో స్కోప్‌లకు బావుంటుంది. మురికి మిగిలితే, గ్లవ్స్ లేకపోతే బూడిద రంగు మరక వేస్తుంది. మూత్రాశయ క్యాన్సర్ ఉన్నవాళ్లకు పదే పదే వాడే సిస్టోస్కోప్‌కి ఇది వాడొద్దు, తీవ్రమైన అలర్జీలు వచ్చాయి.

మిగిలిన సీసాలు

బెంజాల్కోనియం, సెట్రిమైడ్ లాంటివి క్వాటర్నరీ అమ్మోనియం గుంపు. క్లోర్‌హెక్సిడిన్ లాగే ఇవీ ధన విద్యుదావేశంతో పొరను చీల్చేవే. బీపీ పట్టీలు, మంచాలు, కౌంటర్లు తుడవడానికి మంచివి, లోహాన్ని తినవు. టీబీ క్రిముల మీద, పొర లేని వైరస్‌ల మీద, స్పోర్ల మీద ఆశ పెట్టుకోకండి. బోరు నీళ్లలోని ఉప్పులు, మిగిలిన సబ్బు, ఆఖరికి నూలు గుడ్డ కూడా వీటిని పట్టేసుకుంటాయి. బకెట్‌లో కొత్త నూలు మాప్ నానబెడితే మందు మాప్‌లో, నీళ్లు నేల మీద అన్నట్టవుతుంది. మైక్రోఫైబర్ మాప్ అయితే ఇది చాలావరకు తగ్గుతుంది, మీ మందుకి ఆ గుడ్డ సరిపడుతుందని లేబుల్ మీద చూసుకోండి.

ఫినాల్ గుంపులో నల్ల ఫినాయిల్, డెట్టాల్‌లోని క్లోరోజైలినాల్ ఉన్నాయి. పొరను చీల్చి ప్రోటీన్‌ను గడ్డ కట్టిస్తాయి. నల్ల ఫినాయిల్ మురికిలో కూడా చాలావరకు పనిచేస్తుంది, అందుకే డ్రైనేజీ, బాత్‌రూమ్ నేలకు సరిపోతుంది. తెల్ల ఫినాయిల్ ఎక్కువగా పైన్ నూనె, దాన్ని దీనికి సమానం అనుకోవద్దు. పసిపిల్లల వార్డులో, ఊయల మీద, ఇంక్యుబేటర్ మీద ఫినాల్ మందులు వాడకండి. అవి చర్మం గుండా ఎక్కి కామెర్లు పెరిగిన సంఘటనలు ఉన్నాయి.

హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆక్సీకరించే గుంపు. 3 శాతం పుండు మీద పోస్తే బుసబుస పొంగుతుంది, అది కణాల్లోని ఎంజైమ్ దాన్ని నీళ్లుగా, ఆక్సిజన్‌గా విరగ్గొట్టడం. ఎండిన రక్తాన్ని ఊడదీయడానికి పనికొస్తుంది. సన్నటి దారి ఉన్న లోతైన గాయంలోకి ఒత్తిడితో ఎక్కించకూడదు, ఆ ఆక్సిజన్ బుడగలు రక్తనాళంలోకి పోతే ప్రాణం మీదకి వస్తుంది.

ఏ గుంపు సీసా అయినా సగం అయ్యాక పైన కొత్తది పోసి నింపకండి. సూడోమోనాస్ జాతి క్రిములు పలచబడిన సెట్రిమైడ్‌లో, క్లోర్‌హెక్సిడిన్‌లో బతకడమే కాదు, పెరుగుతాయి కూడా. సీసా అడుగున వేలితో రాస్తే జారుడుగా తగిలే పొర వాటి ఇల్లే. సీసా పూర్తిగా అయిపోనిచ్చి, కడిగి, ఆరబెట్టి, వీలైతే ఆటోక్లేవ్ చేసి నింపండి. టేప్ మీద మందు పేరు, శాతం, కలిపిన తేదీ, తెరిచిన తేదీ, కలిపినవాళ్ల పేరు రాసి సీసాకే అంటించండి. మూతకి అంటిస్తే మూతలు మారిపోతాయి.